ఇరవై రోజుల హై దాటగానే కొంటున్నాను, అయినా నష్టమే ఎందుకు?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. తెనాలిలో ఎరువుల షాపు ఉంది. ఎనిమిది నెలలుగా ఎంసీఎక్స్‌లో క్రూడాయిల్ మినీ చేస్తున్నాను. గత 20 రోజుల హై, అంటే గరిష్ఠ ధర, దాటితే కొంటాను. 20 రోజుల లో, అంటే కనిష్ఠ ధర, కిందికి వెళ్తే అమ్ముతాను. బ్రేకౌట్ నిజమేనా అని కాసేపు చూసి ఎంట్రీ తీసుకుంటాను. స్టాప్‌లాస్ 10 రోజుల లో దగ్గర, అమ్మినప్పుడైతే 10 రోజుల హై దగ్గర పెడతాను. బ్యారెల్‌కి 150 రూపాయలు లాభం రాగానే బుక్ చేసేస్తాను. ప్రతిసారీ మూడు లాట్లు. ఎక్సెల్‌లో పాత డేటా మీద చూస్తే 70 శాతం ట్రేడ్లు లాభమే. నిజంగా చేస్తే 13లో 10 నష్టం. మొత్తం 42 వేలు పోయాయి. వరుసగా నాలుగు పోయాక భయపడి ఒక సెల్ సిగ్నల్ వదిలేశాను, అదే 540 రూపాయలు పడింది. పెట్టుబడి 4 లక్షలు, అందులో లక్షన్నర మా బావమరిది ఇచ్చాడు. ఇప్పుడు ఎలా ఉందని అడుగుతున్నాడు. రాత్రి పదకొండున్నర దాకా ఫోన్ చూస్తున్నానని ఇంట్లో గొడవ. 20ని 55 చేయాలా? ఆర్ఎస్ఐ కలపాలా? మానేయాలా? ట్రేడ్ల వివరాలు, షీటు జతచేశాను.

సమాధానం: ముందు మీ షీటు సంగతి చూద్దాం. 70 శాతం గెలుపు అన్న మాట చదవగానే అనుమానం వచ్చింది. ఇరవై రోజుల బ్రేకౌట్‌తో ఎంట్రీ తీసుకుని ట్రెండ్ పట్టుకునేవాళ్లకి మామూలుగా పదింటిలో మూడో నాలుగో గెలుస్తాయి. అంతకు రెట్టింపు కనిపిస్తే నియమం గొప్పదని కాదు, లెక్కలో ఎక్కడో రేపటి సమాచారం ఇవాళ్టిలోకి దొర్లిందని. మీ షీటులో జరిగింది అదే. B ఓపెన్, C హై, D లో అనుకుంటే మీరు రాసిన ఫార్ములా ఇది:

```
E21: =MAX(C2:C21)
F21: =IF(C21=E21, B21, "")
```

ఇరవై రోజుల్లో ఇవాళ్టి వరస కూడా ఉంది. ఇవాళ్టి హై ఆ ఇరవైలో పెద్దదైతే ఇవాళ్టి ఓపెన్ ధరకి కొన్నట్టు రాసుకున్నారు. కానీ ఇవాళ కొత్త హై వస్తుందని పొద్దున తొమ్మిదింటికి ఎవరికి తెలుసు? ఆ హై రాత్రి తొమ్మిదింటికి వచ్చి ఉండొచ్చు. షీటు మాత్రం పొద్దుటి చవక ధరకి కొనేసి, సాయంత్రం పెరుగుదలని లాభంగా చూపించింది. దాంతో 150 టార్గెట్ చాలా ట్రేడ్లలో సులువుగా దొరికిపోయింది. సరైన లెక్కలో ఇరవై రోజుల హై గీత నిన్నటితో ఆగాలి:

```
E22: =MAX(C2:C21)
F22: =IF(C22>E22, MAX(B22, E22+1), "")
```

E22లో ఉన్నది నిన్నటి వరకు ఉన్న ఇరవై రోజుల హై. ఇవాళ ధర దాన్ని దాటితే, గీతకి ఒక రూపాయి పైన కొన్నట్టు లెక్క. క్రూడ్‌లో కనీస కదలిక ఒక రూపాయి కాబట్టి ఆ ఒకటి. మార్కెట్ గీతకి పైనే ఓపెన్ అయితే ఆ ఓపెన్ ధరే మీకు దొరికేది, అందుకే రెండింటిలో పెద్దది తీసుకున్నాం. కింది వైపు ఇదే తిరగేసి MIN తో రాయండి. చార్టులో కనిపించే ఛానల్ కూడా చాలా సాఫ్ట్‌వేర్లలో ఇవాళ్టి బార్‌ని కలుపుకునే గీస్తుంది. అందుకే అక్కడ ధర గీతని దాటినట్టు ఎప్పుడూ కనిపించదు, గీతే ధరతో పాటు పైకి జరుగుతూ ఉంటుంది. ఒక రోజు వెనక్కి జరిపిన గీత పెట్టుకోండి.

షీటులో ఇంకో పొరపాటు కూడా ఉంది. నెలవారీ కాంట్రాక్టులని ఒకదాని కింద ఒకటి అతికించారు. ఒక నెల కాంట్రాక్టు ముగిసి తర్వాతది మొదలైనచోట ధర 60, 80 రూపాయలు ఎగిరినట్టుంది. అది మార్కెట్ కదలిక కాదు, రెండు కాంట్రాక్టుల మధ్య తేడా. మీ షీటు దాన్ని బ్రేకౌట్ అనుకుని కొన్నిసార్లు కొనేసింది. మారే రోజున రెండు కాంట్రాక్టుల తేడా ఎంతో చూసి, పాత ధరలన్నిటికీ ఆ తేడా కలపాలి లేదా తీసేయాలి. నిజమైన ట్రేడ్‌లోనూ ఎక్స్‌పైరీకి కొన్ని రోజుల ముందే తర్వాతి నెలకి మారిపోండి. 2020 ఏప్రిల్‌లో ఎంసీఎక్స్ సాయంత్రం 5 గంటలకే మూతపడేది. ఎక్స్‌పైరీ రోజైన 20వ తేదీ రాత్రి అమెరికాలో ధర సున్నా కిందికి పోయింది. ఇక్కడ ఏప్రిల్ కాంట్రాక్టుని బ్యారెల్‌కి మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిల్ చేశారు. అప్పుడు కొని ఉంచుకున్నవాళ్లకి పది రోజుల లో దగ్గర పెట్టుకున్న స్టాప్‌లాస్ ఏ సాయమూ చేయలేదు, మార్కెట్ మూసేసి ఉంది మరి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఎంట్రీ నియమం కన్నా మీ ఎగ్జిట్‌లోనే చిక్కుంది. మీరు పంపిన వివరాల్లో పది నష్టాల సగటు బ్యారెల్‌కి 180 రూపాయలు. లాభం మాత్రం 150 దగ్గర ఆగిపోతుంది. 180 పోగొట్టుకుని 150 సంపాదించే ఆటలో అసలు మిగలాలంటేనే ప్రతి పదకొండు ట్రేడ్లలో ఆరు గెలవాలి. పదింటిలో మూడో నాలుగో గెలిచే ఎంట్రీతో అది కుదరదు. తప్పుడు షీటు 70 శాతం చూపించింది కాబట్టి మీకు ఈ తేడా కనపడలేదు.

ఈ నియమం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఎగ్జిట్ ఎందుకు అంత ముఖ్యమో తెలుస్తుంది. రిచర్డ్ డాన్షియన్ అనే అమెరికన్ ట్రేడర్ నాలుగు వారాల నియమం అని ప్రచారంలోకి తెచ్చాడు. నాలుగు వారాల హై దాటితే కొనడం, నాలుగు వారాల లో పోతే అమ్మడం, అంతే. అందులో టార్గెట్ అన్న మాటే లేదు. 1983 చివర్లో షికాగోలో రిచర్డ్ డెనిస్, విలియం ఎక్‌హార్ట్ కొందరు కొత్తవాళ్లకి ట్రేడింగ్ నేర్పినప్పుడు దీన్నే మార్చి వాడారు. వాళ్లకి టర్టిల్స్ అని పేరు. 20 రోజుల హై దాటితే కొని, 10 రోజుల లో తెగినప్పుడు బయటికి వచ్చేవాళ్లు. మీరు వాళ్ల ఎగ్జిట్ గీతని స్టాప్‌లాస్‌గా తీసుకున్నారు, కానీ లాభం వైపు అదే గీతని పట్టుకోలేదు. పదిలో ఆరేడు చిన్న నష్టాలని ఒకటి రెండు పెద్ద ట్రేడ్లు మోయాలి. ఆ పెద్దవాటిని 150 దగ్గర కోసేస్తే చిన్న నష్టాలు మాత్రమే మిగులుతాయి.

మీ మూడు లాభాల ట్రేడ్లనే టార్గెట్ లేకుండా పది రోజుల లో దాకా ఉంచితే ఏమయ్యేదో లెక్క వేశాను. 5,860 దగ్గర కొని 6,010 దగ్గర అమ్మేసిన ట్రేడు 6,610 దాకా నిలిచేది, అంటే 750 రూపాయలు. మిగతా రెండూ 150 కన్నా తగ్గి 120, 90 ఇచ్చేవి. వదిలేసిన సెల్ సిగ్నల్ 540. మొత్తం 1,500 రూపాయలు. మినీలో లాటుకి పది బ్యారెళ్లు, మూడు లాట్లకి ముప్పై, కాబట్టి 45 వేలు. పది నష్టాలు 54 వేలు. ఛార్జీలు కలిపితే నష్టం పది వేల పైచిలుకు.

అంటే నియమాన్ని పూర్తిగా పాటించినా ఈ ఎనిమిది నెలల్లో లాభం ఉండేది కాదు. ఈ మాట చెప్పకుండా టార్గెట్ తీసేయండి చాలు అని రాస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. బ్రేకౌట్ నియమం మార్కెట్ల గుంపు మీద పనిచేస్తుంది. టర్టిల్స్ ఇరవై దాకా మార్కెట్లు చూసేవాళ్లు: బాండ్లు, కరెన్సీలు, బంగారం, వెండి, రాగి, క్రూడ్, కాఫీ, పంచదార, పత్తి. క్రూడ్ నెలల తరబడి అటూ ఇటూ ఊగుతుంటే ఆ ఏడాది పంచదారో, జపాన్ కరెన్సీయో పరుగు తీసి ఆ నష్టాలని పూడ్చేది. మీరు ఒక్క క్రూడ్ మీదే కూర్చున్నారు. అది ఊగిసలాడినంత కాలం గీతకి పైన కొనడం, గీతకి కింద అమ్మడం, రెండు వైపులా దెబ్బలు తినడమే పని. పైగా క్రూడ్ ఈ మధ్య వార్తల మీద ఎగిరి వార్తల మీద పడుతోంది. 2025 జూన్ 13న ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడితో ఒక్కరోజులో ఏడు శాతం పెరిగింది. 23న ఏడు శాతానికి పైగా పడి, మర్నాడు దాడికి ముందున్న స్థాయి కన్నా కిందికి వచ్చేసింది. అలాంటి ట్రేడులో పది రోజుల గీత కింద ఎక్కడో ఉండిపోతుంది, చేతికొచ్చిన లాభం చాలావరకు వెనక్కి ఇచ్చాకే మీరు బయటపడతారు. ఈ పద్ధతిలో అది తప్పని ఖర్చు. దాన్ని భరించలేమనిపించే 150 టార్గెట్ పుట్టుకొస్తుంది, మీకూ అలాగే వచ్చి ఉంటుంది.

కాసేపు చూసి ఎంట్రీ తీసుకోవడం సంగతి. నష్టపోయిన పదింటిలో మీరు గీతకి సగటున 30 రూపాయలు పైన కొన్నారు, అమ్మినప్పుడు అంతే కింద. పది ట్రేడ్లు, ముప్పై బ్యారెళ్లు, మొత్తం తొమ్మిది వేలు. పైన చెప్పిన లోటు దాదాపు ఇక్కడే ఉంది. కాకపోతే ఆగి చూడటం వల్ల మీరు తప్పించుకున్న ఫాల్స్ బ్రేకౌట్లు కూడా ఉంటాయి, వాటి లెక్క మీ దగ్గర లేదు. సరిచేసిన షీటులో రెండు రకాలూ పెట్టి చూడండి. ఒకటి, గీత తగలగానే ఎంట్రీ. పొద్దున్నే ట్రిగ్గర్ ఆర్డర్ పెట్టి వదిలేయొచ్చు. నిజమైన ట్రెండ్‌లో మంచి ధర దొరుకుతుంది. బుధవారం రాత్రి అమెరికా నిల్వల లెక్కలు వచ్చినప్పుడు ధర గీతని తాకి వెనక్కి వస్తే మాత్రం దెబ్బ తింటారు. రెండోది, రోజు ముగింపు ధర గీత దాటితేనే మర్నాడు తొమ్మిదింటికి ఎంట్రీ. ఆ రాత్రి కుదుపులు చాలావరకు తప్పుతాయి, బదులుగా పెద్ద కదలిక వచ్చిన రోజున చాలా పైన కొనాల్సి వస్తుంది. రెంటిలో ఏది ఎంచుకున్నా రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. ఇంట్లో గొడవకి కారణం బ్రేకౌట్ నియమం కాదు, మూడో రకం, అంటే కళ్లతో చూసి నిజమో కాదో తేల్చే రకం. దాన్ని షీటులో పరీక్షించనూ లేరు.

భయపడి వదిలేసిన సిగ్నల్ గురించి ఒక వింత చెప్తాను. టర్టిల్స్ 20 రోజుల పద్ధతిలోనూ సిగ్నల్ వదిలేసే నియమం ఒకటుంది, కానీ అది మీరు చేసినదానికి సరిగ్గా ఎదురు. ముందటి బ్రేకౌట్ లాభం ఇచ్చి ఉంటే తర్వాతది వదిలేసేవాళ్లు. ముందటిది నష్టపోతే తప్పకుండా ఎంట్రీ తీసుకునేవాళ్లు. వదిలేసినది పరుగెత్తితే దూరమైపోకుండా 55 రోజుల హై దగ్గర మళ్లీ పట్టుకునేవాళ్లు. మీరు కూడా అలాగే చేయమని కాదు. వరుస నష్టాలు పద్ధతి పాడైపోయిందనడానికి రుజువు కావని చెప్పడానికి అన్నాను. వందకి 35 గెలిచే పద్ధతిలో, వంద ట్రేడ్లలో ఎక్కడో ఒకచోట వరుసగా ఎనిమిది నష్టాలు రావడానికి సగానికి పైగా అవకాశం ఉంది. మీకు వచ్చినవి నాలుగు.

20ని 55 చేస్తే ట్రేడ్లు తగ్గుతాయి, ఊగిసలాటలో దెబ్బలూ తగ్గుతాయి. కానీ ఎంట్రీ ఆలస్యం అవుతుంది. ఎగ్జిట్ కూడా దానికి తగ్గట్టు 20 రోజుల గీతకి మారాలి, అంటే స్టాప్‌లాస్ దూరం పెరిగి లాటుకి రిస్కు పెరుగుతుంది. ఒక్క మార్కెట్‌లో ఏడాదికి కొద్ది ట్రేడ్లే వస్తే పద్ధతి పనిచేస్తోందో లేదో తేలడానికే ఏళ్లు పడుతుంది. షీటులో 20 ఒక్కటే కాకుండా 16 నుంచి 25 దాకా ప్రతి అంకె పెట్టి చూడండి. ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే పర్లేదు. 19కి నష్టం, 20కి భారీ లాభం, 21కి మళ్లీ నష్టం అని వస్తే ఆ 20 మీ డేటాకి కుదిరిన అదృష్టం మాత్రమే. ధర జోరుని వందకి కొలిచే ఆర్ఎస్ఐ మాత్రం వద్దనే అంటాను. ఇరవై రోజుల హై దాటేటప్పుడు ఆర్ఎస్ఐ తరచు పైనే ఉంటుంది. 70 దాటితే కొనను అని పెట్టుకుంటే గట్టిగా పరుగెత్తే ట్రేడ్లే ముందు పోతాయి.

ఇప్పుడు లాట్ల లెక్క. టర్టిల్స్ ప్రతిసారీ ఒకే సంఖ్య కొనేవాళ్లు కాదు. మార్కెట్ రోజుకి సగటున ఎంత కదులుతుందో 20 రోజుల ఏటీఆర్‌తో కొలిచి, దానికి రెట్టింపు దూరంలో స్టాప్‌లాస్ పెట్టేవాళ్లు. కదలిక పెరిగితే సైజు తగ్గించేవాళ్లు. మీ షీటులో చివరి ఏటీఆర్ 130. రెట్టింపు 260, లాటుకి 2,600 రూపాయల రిస్కు, మూడు లాట్లకి 7,800. 3 లక్షల 58 వేలలో ఇది రెండు శాతం పైన. కానీ అందులో లక్షన్నర మీది కాదు. అది తీసేస్తే మిగిలేది 2 లక్షల 8 వేలు, అందులో ఇదే 7,800 దాదాపు నాలుగు శాతం. ఎనిమిది వరుస నష్టాలు వస్తే మీ సొంత డబ్బులో 62 వేలు పోతాయి. ఒక్క లాటుతో అయితే 21 వేలు.

మీ ముందున్న దారులు ఇవి. బావమరిది లక్షన్నర తిరిగి ఇచ్చేసి, ఒక్క లాటుతో, టార్గెట్ లేకుండా, పొద్దున పెట్టిన ఆర్డర్లతో క్రూడ్‌లోనే కొనసాగడం ఒకటి. మెల్లగా నేర్చుకుంటారు, నష్టం అదుపులో ఉంటుంది, కానీ ఒక్క మార్కెట్ సమస్య అలాగే ఉంటుంది. లాభం వచ్చినా రాకపోయినా అందులో పద్ధతి వాటా ఎంతో, క్రూడ్ వాటా ఎంతో తెలియదు. ఇంకోటి, ఇదే నియమాన్ని డెలివరీ షేర్లకి, గోల్డ్ ఈటీఎఫ్ లాంటి వాటికి మార్చడం. అక్కడ లాటు గొడవ లేదు. ఒక్కొక్కదానిలో వెయ్యి, రెండు వేల రిస్కుకి సరిపడా కొంటూ పది పన్నెండు చోట్ల సర్దొచ్చు. అమ్మే వైపు పోతుంది, ఎందుకంటే డెలివరీలో లేని షేరు అమ్మి రాత్రి ఉంచుకోలేరు. లో తెగితే బయటికి రావడమే. మార్కెట్ అంతా పడితే అన్ని షేర్లూ కలిసి పడతాయి కాబట్టి పన్నెండు షేర్లని పన్నెండు మార్కెట్లుగా లెక్కపెట్టకండి. ఏడాదిలోపు అమ్మితే షేర్ల లాభం మీద 20 శాతం, గోల్డ్ ఈటీఎఫ్ లాభం మీద మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది, ఈ పద్ధతిలో చాలావరకు ఏడాదిలోపే అమ్ముతారు. మూడోది, డబ్బు ఆపేసి సరిచేసిన షీటుని కనీసం అయిదేళ్ల డేటా మీద నడిపి, తర్వాత కొన్ని నెలలు కాగితం మీద సిగ్నల్స్ రాసుకోవడం. ఇందులో పోయేది ఏమీ లేదు, కాకపోతే కాగితం మీద భయం వేయదు కాబట్టి అయిదో సిగ్నల్ మీరు తీసుకుంటారో లేదో తేలదు. మానేయడం కూడా దారే. సరిచేసిన షీటు ఖర్చులు పోగా ఏమీ మిగలట్లేదని చూపిస్తే నేనైతే వేరే దారి వెతకను.

వీటిలో ఏదైనా, బావమరిది డబ్బు సంగతి ముందు తేల్చండి. అతనికి 42 వేలు పోయాయని, అతని వాటాకి ఎంత పడుతుందో లేక పూర్తిగా మీరే భరిస్తారో అంకెలతో చెప్పండి. మళ్లీ సంపాదించి ఇద్దాం అని ఆగితే లాట్లు పెంచాలనిపిస్తుంది, గీత తగలకముందే ఎంట్రీ తీసుకోవాలనిపిస్తుంది. లక్షన్నర ఇవ్వాలంటే పొజిషన్లు మూసేయాల్సి వస్తుందేమో చూసుకోండి. అలా అయితే ఇప్పుడున్న పొజిషన్ని పది రోజుల గీత దాకా ఉంచి తర్వాత ఇస్తానని గడువు చెప్పొచ్చు, కాకపోతే ఆ గడువు అతను ఒప్పుకున్నదై ఉండాలి.

పన్ను దగ్గర ఒక మాట. ఎంసీఎక్స్ ఫ్యూచర్స్ నష్టం వ్యాపార నష్టం కిందికి వస్తుంది, స్పెక్యులేషన్ కాదు. షాపు ఆదాయానికి మీరు సులువైన ఫారం వేస్తూ ఉండి ఉంటారు, ఈ ఏడాది ఐటీఆర్-3 వేయాల్సి వస్తుంది. ఈ ఏడాది సర్దుబాటు కాకుండా మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లి వ్యాపార లాభాలతో సర్దుకోవచ్చు, రిటర్ను గడువులోగా వేస్తేనే. మీ ఆడిటర్‌కి బ్రోకర్ స్టేట్‌మెంటు ఇప్పుడే ఇచ్చేయండి.